బూజు పట్టిన ప్లేటు నుంచి ట్యాంకు దాకా: పెన్సిలిన్‌కి పదహారేళ్లు ఎందుకు పట్టింది?

ప్రశ్న: ఫ్లెమింగ్ ప్లేటులో అనుకోకుండా బూజు పడటం వల్ల 1928లో పెన్సిలిన్ కనిపెట్టారని స్కూల్లో చదువుకున్నాం. మరి మందుగా 1940ల దాకా ఎందుకు రాలేదు? ఒక బూజు నుంచి లక్షల ఇంజెక్షన్లు ఎలా తయారుచేయగలిగారు? ఇంట్లో బ్రెడ్డు మీద వచ్చే బూజులో కూడా అదే మందు ఉంటుందా?

జవాబు:

నేను చాలా ఏళ్లు యాంటీబయాటిక్ ఫర్మెంటేషన్ ప్లాంట్లలో, అంటే సూక్ష్మజీవులను ట్యాంకుల్లో పెంచి మందు తీసే ఫ్యాక్టరీల్లో, ఎక్కువగా ప్రొడక్షన్‌లోనే పనిచేశాను. స్కూల్ పుస్తకంలో ఈ కథ ప్లేటు దగ్గర మొదలై ప్లేటు దగ్గరే ఆగిపోతుంది. అసలు కష్టమంతా ఆ తర్వాతే ఉంది. అయినా ముందు ప్లేటు సంగతి చూద్దాం, ఎందుకంటే అక్కడ జరిగింది కూడా చాలామంది అనుకునేంత మామూలు సంగతి కాదు.

లండన్‌లోని సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా మీద పనిచేస్తున్నాడు. చీము గడ్డలకు ఎక్కువగా కారణమయ్యేది ఇదే. 1928 వేసవిలో సెలవు మీద వెళ్తూ, బ్యాక్టీరియాని పెంచిన పాత ప్లేట్లను, అంటే మూత ఉన్న చిన్న గాజు పళ్లాలను, బల్ల మీదే వదిలేశాడు. సెప్టెంబర్ మొదట్లో తిరిగొచ్చి చూస్తే ఒక ప్లేటులో ఓ పక్క బూజు పెరిగి ఉంది. దానికి దూరంగా ఉన్న బ్యాక్టీరియా మచ్చలు మామూలుగానే ఉన్నాయి. దగ్గరగా ఉన్నవి మాత్రం కరిగిపోయి, పారదర్శకంగా అయిపోయాయి.

మీరు ఇప్పుడు ఏదైనా కాలేజీ ల్యాబులో స్టెఫైలోకాకస్ బాగా పెరిగిన ప్లేటు తీసుకుని, మధ్యలో అదే బూజు పెట్టి చూడండి. బూజు పెరుగుతుంది గానీ బ్యాక్టీరియా మచ్చలకు ఏమీ కాదు. కారణం పెన్సిలిన్ పనిచేసే తీరులోనే ఉంది. బ్యాక్టీరియా పెరుగుతూ, విడిపోతూ ఉన్నప్పుడు తన చుట్టూ కణకవచాన్ని కొత్తగా కట్టుకుంటూ ఉంటుంది. పెన్సిలిన్ ఆ కట్టే పనిని ఆపేస్తుంది. కవచం బలహీనపడి, లోపలి ఒత్తిడికి కణం పగిలిపోతుంది. పెరగడం ఆగిపోయిన కణానికి కొత్తగా కట్టుకునేది ఉండదు కాబట్టి పెన్సిలిన్ దాన్ని పెద్దగా ఏమీ చేయలేదు. అంటే ఫ్లెమింగ్ ప్లేటులో బూజు ముందు పెరిగి, బ్యాక్టీరియా తర్వాత పెరిగి ఉండాలి.

మామూలుగా ఇది సాధ్యం కాదు. బ్యాక్టీరియా ఒక్క రాత్రిలో పెరుగుతుంది, బూజుకి రోజులు కావాలి. ఒకప్పుడు ఫ్లెమింగ్ దగ్గర పనిచేసిన రొనాల్డ్ హేర్ అనే శాస్త్రవేత్త 1960లలో ఈ చిక్కు విప్పాడు. ఆయన 1928 నాటి లండన్ వాతావరణ రికార్డులు తిరగేశాడు. జూలై చివర్లో మొదలై ఆగస్టు మొదటి వారం దాకా అక్కడ చలిగా ఉంది. ఆ చల్లదనంలో బూజు పెరిగింది, బ్యాక్టీరియా నిద్రపోయినట్టు ఉండిపోయింది. తర్వాత ఎండలు వచ్చాక బ్యాక్టీరియా పెరగడం మొదలుపెట్టింది, అప్పటికే బూజు చుట్టూ పెన్సిలిన్ పరుచుకుని ఉంది. ఫ్లెమింగ్ ఆ ప్లేటును పద్ధతిగా, వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్‌లో పెట్టి ఉంటే ఏమీ కనిపించేది కాదు. ఇక బూజు విత్తనాలు కిటికీలోంచి వచ్చాయని చెబుతుంటారు గానీ, కింది అంతస్తులో లా టూష్ అనే బూజుల నిపుణుడి ల్యాబు ఉంది. అక్కడి నుంచే మెట్ల మీదుగా పైకి వచ్చి ఉంటాయన్నది ఎక్కువ నమ్మదగిన మాట.

కాబట్టి అదృష్టం నిజమే. కానీ అంతకు కొన్నేళ్ల ముందే ఫ్లెమింగ్ కన్నీళ్లలో, చీమిడిలో ఉండే లైసోజైమ్ అనే పదార్థం బ్యాక్టీరియాని కరిగించడం గమనించాడు. కరిగిపోయిన మచ్చ కనిపించగానే ఆయన చూపు అక్కడ ఆగడానికి ఆ అనుభవం ఉంది.

ఆ తర్వాత ఆయన బూజుని విడిగా ద్రవంలో పెంచి, వడకట్టిన రసాన్ని పరీక్షించాడు. ఎనిమిది వందల రెట్లు పలచన చేసినా అది స్టెఫైలోకాకస్‌ని ఆపింది. తెల్లరక్తకణాలకు హాని చేయలేదు, జంతువులకు ఎక్కించినా ఏమీ కాలేదు. 1929లో వ్యాసం రాశాడు. రసానికి పెన్సిలిన్ అని పేరు పెట్టింది కూడా ఆయనే. మరి అక్కడే ఎందుకు ఆగిపోయాడు?

ఆ రసంలో ఉన్న మందు చేతికి చిక్కలేదు, అదీ సంగతి. వేడి చేసి చిక్కబరచబోతే పోతుంది. ఆమ్లం ఎక్కువైతే పోతుంది, క్షారం ఎక్కువైనా పోతుంది. ఫ్లెమింగ్ సహాయకులు రిడ్లీ, క్రాడాక్ ఒక వరండా సింకు దగ్గర నిలబడి చాలా ప్రయత్నం చేశారు, నిలవ ఉండే పొడి రాలేదు. 1930ల మొదట్లో హెరాల్డ్ రైస్ట్రిక్ అనే పేరున్న రసాయన శాస్త్రవేత్త ప్రయత్నించాడు. మందు ఈథర్‌లోకి దిగిందని తేలింది, కానీ ఈథర్ ఆవిరయ్యేసరికి మందు కూడా మాయమైంది. దానికి తోడు జంతువు రక్తంలోకి ఎక్కిస్తే కాసేపటికే కనపడకుండా పోతోంది, బ్యాక్టీరియాని చంపడానికేమో గంటలు పడుతోంది. దీంతో లోపలికి ఇచ్చే మందుగా ఇది పనికొస్తుందని ఫ్లెమింగ్‌కి గట్టి నమ్మకం కలగలేదు. బ్యాక్టీరియా ఎక్కించిన ఎలుకకు ఇచ్చి చూసే ప్రయోగం ఆయన చేయలేదు. నా దృష్టిలో ఈ కథలో తప్పిపోయిన మలుపు అదొక్కటే. కానీ ఆయన చేసిన ఒక పనిని మాత్రం తక్కువ చేయకూడదు. ఆ బూజుని చావనివ్వకుండా ఏళ్ల తరబడి కొత్త ప్లేట్ల మీదికి మారుస్తూ వచ్చాడు, అడిగిన ల్యాబులకు పంపాడు. అలా వెళ్లిన బూజు ఒకటి ఆక్స్‌ఫర్డ్‌లో ఉండబట్టే తర్వాతి కథ నడిచింది.

ఆక్స్‌ఫర్డ్‌లో సర్ విలియం డన్ స్కూల్ ఆఫ్ పాథాలజీ అధిపతి హోవార్డ్ ఫ్లోరీ. ఆయన దగ్గర ఎర్నెస్ట్ చైన్ అనే జీవరసాయన శాస్త్రవేత్త ఉండేవాడు, హిట్లర్ వచ్చాక జర్మనీ వదిలి వచ్చిన యూదుడు. వీళ్లిద్దరూ 1938–39లో పాత వ్యాసాలు చదువుతూ పెన్సిలిన్ పని తలకెత్తుకున్నారు. నోబెల్ బహుమతి 1945లో ఫ్లెమింగ్, ఫ్లోరీ, చైన్ ముగ్గురికీ వచ్చింది. కానీ మా లాంటి ప్లాంటు మనుషులు ఎక్కువగా తలుచుకోవాల్సింది నాలుగో మనిషిని. ఆయన పేరు నార్మన్ హీట్లీ.

హీట్లీ చేసింది ఏమిటో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈరోజుకీ ప్లాంట్లలో నడుస్తున్నది అదే కిటుకు. పెన్సిలిన్ ఒక బలహీనమైన ఆమ్లం. బూజు రసాన్ని బాగా ఆమ్లంగా మారిస్తే, అంటే పీహెచ్ 2 దగ్గరికి తెస్తే, అది నీటిని వదిలి ఈథర్ లాంటి ద్రావకంలోకి వెళ్లిపోతుంది. ఇంతవరకూ అందరికీ తెలిసిందే. చిక్కేమిటంటే ఆ పీహెచ్‌లో అది నిమిషాల్లోనే విరిగిపోవడం మొదలవుతుంది. హీట్లీ రెండు పనులు చేశాడు. రసాన్ని బాగా చల్లబరిచి, ఆమ్లం కలిపిన వెంటనే ఈథర్‌తో కలిపి వేరుచేశాడు. తర్వాత ఆ ఈథర్‌ని ఆవిరి చేసే ప్రయత్నమే మానేసి, కాస్త క్షారం కలిపిన కొద్దిపాటి నీటితో కలిపాడు. ఇప్పుడు పెన్సిలిన్ ఉప్పుగా మారి మళ్లీ నీటిలోకి వచ్చేసింది. చెత్తలో చాలా భాగం వెనకబడిపోయింది, ద్రవం పరిమాణం తగ్గింది, మందు తటస్థ నీటిలో క్షేమంగా ఉంది. ఆ నీటిని గడ్డకట్టించి, శూన్యంలో ఆరబెడితే గోధుమరంగు పొడి వచ్చింది. రైస్ట్రిక్ దగ్గర ఈథర్‌తో పాటే పోయిన మందు ఇక్కడ నిలిచింది.

ఇప్పటి ప్లాంట్లలో ఈథర్ బదులు బ్యూటైల్ అసిటేట్ వాడతారు, గాజు గొట్టాల బదులు వేగంగా తిరిగే ఎక్స్‌ట్రాక్టర్లు ఉంటాయి. మిగతాదంతా హీట్లీ చేసినదే. ఆ సెక్షన్‌లో పనిచేసేవాళ్లకు చల్లదనం ఎంత ముఖ్యమో ఒంటికి పట్టి ఉంటుంది. రసాన్ని చల్లబరిచే చిల్లర్ ఆగిందని ఫోన్ వస్తే చాలు, అందరికీ టెన్షన్ మొదలవుతుంది. ముందు ఆమ్లం వాల్వు మూస్తారు, ఆ తర్వాతే కారణం వెతుకుతారు. ఎందుకంటే బూజు పెరిగిన రసాన్ని మేము బ్రాత్ అంటాం, పైపుల్లో ఆమ్లం కలిసిన బ్రాత్ వెచ్చబడుతూ నిలబడితే, కంటికి ఏ తేడా కనిపించదు. రంగు అదే, వాసన అదే. ల్యాబు నుంచి నాణ్యత పరీక్ష రిపోర్టు వచ్చాక గానీ ఎంత పోయిందో తెలియదు.

1940 మే 25న ఫ్లోరీ బృందం ఎనిమిది ఎలుకలకు ప్రాణాంతకమైన మోతాదులో స్ట్రెప్టోకాకస్ ఎక్కించింది. నాలుగింటికి పెన్సిలిన్ ఇచ్చారు, నాలుగింటికి ఇవ్వలేదు. హీట్లీ రాత్రంతా అక్కడే కూర్చున్నాడు. తెల్లవారుజామున మూడున్నర ప్రాంతానికి మందు ఇవ్వని నాలుగూ చనిపోయాయి, ఇచ్చినవి బతికే ఉన్నాయి.

ఇక మనుషులకు ఇవ్వాలి. మనిషి బరువు ఎలుక కంటే మూడు వేల రెట్లు. ఇక్కడి నుంచి సైన్సు కంటే సరుకు పెద్ద సమస్య అయింది. ఆ బూజు ద్రవం పైన మీగడలా తెట్టు కట్టి పెరుగుతుంది, దానికి గాలి తగలాలి. కాబట్టి లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉన్న పాత్రలు కావాలి. మొదట ఆసుపత్రి బెడ్‌పాన్లు బాగా పనికొచ్చాయి. తర్వాత హీట్లీ గీసిచ్చిన నమూనాతో స్టాఫర్డ్‌షైర్ కుండల పరిశ్రమలో పింగాణీ పాత్రలు చేయించారు. ఒక్కో పాత్రలో సుమారు లీటరు రసం, రెండు సెంటీమీటర్ల లోపు లోతు. కొందరు యువతులను పనిలో పెట్టుకున్నారు. వాళ్లు బూజు విత్తనాలను స్ప్రే గన్‌తో పాత్రల్లోకి చల్లి, వారం పదిరోజులు 24 డిగ్రీల దగ్గర ఉంచి, తెట్టు చెదరకుండా కింది రసాన్ని తీసేవాళ్లు.

ఒక చిన్న లెక్క చేసి చూద్దాం. పెన్సిలిన్ బలాన్ని యూనిట్లలో కొలుస్తారు, ఆ కొలత కూడా హీట్లీ మొదలుపెట్టిందే. ఆ రోజుల్లో ఒక మిల్లీలీటరు రసంలో దాదాపు 2 యూనిట్లు ఉండేవి. అంటే ఒక పాత్ర నుంచి 2,000 యూనిట్లు. ఇప్పుడు మన ఆసుపత్రుల్లో కనిపించే బెంజైల్ పెన్సిలిన్ వయల్ ఒకటి 10 లక్షల యూనిట్లు, బరువులో 600 మిల్లీగ్రాములు. శుద్ధి చేయడంలో చుక్క కూడా పోలేదనుకున్నా, అలాంటి ఒక్క వయల్‌కి 500 పాత్రలు కావాలి. నిజానికి శుద్ధిలో చాలానే పోయేది. జబ్బు గట్టిదైతే రోగికి రోజుకి అలాంటివి కొన్ని వయల్స్ పట్టొచ్చు.

1941 ఫిబ్రవరి 12న ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసు కానిస్టేబుల్‌కి మందు మొదలుపెట్టడంతోనే ఈ లెక్క ఎదురొచ్చింది. ముఖం, తల అంతా చీము గడ్డలు, ఒక కన్ను అప్పటికే తీసేశారు. మందు ఇచ్చిన ఒక్కరోజులోనే తేడా కనిపించింది, జ్వరం తగ్గింది, ఆకలి వేసింది. పెన్సిలిన్ ఎక్కువ భాగం మూత్రంలో బయటికి వచ్చేస్తుంది. కాబట్టి ఆయన మూత్రాన్ని సైకిల్ మీద ల్యాబుకి తీసుకెళ్లి, అందులోంచి మందు తిరిగి తీసి మళ్లీ ఆయనకే ఎక్కించారు. అయినా ఐదు రోజులకు సరుకు అయిపోయింది. ఇన్‌ఫెక్షన్ తిరగబెట్టి, మార్చి 15న ఆయన చనిపోయాడు. మందు పనిచేయక కాదు, చాలక. తర్వాత కొంతకాలం ఆ బృందం ఎక్కువగా పిల్లలకే ఇచ్చింది, వాళ్లకు తక్కువ మందు సరిపోతుందని.

బ్రిటన్ మీద బాంబులు పడుతున్న రోజులవి, పెద్ద ఎత్తున తయారుచేసే తీరిక అక్కడి కంపెనీలకు లేదు. 1941 వేసవిలో ఫ్లోరీ, హీట్లీ అమెరికా వెళ్లారు. ఇల్లినాయ్ రాష్ట్రంలో పీయోరియా అనే ఊరు, అక్కడ వ్యవసాయ శాఖ వారి పరిశోధనశాల. ఫర్మెంటేషన్ తెలిసినవాళ్లు అక్కడే ఉన్నారు. హీట్లీ అక్కడ ఆండ్రూ మోయర్ అనే శాస్త్రవేత్తతో కలిసి పనిలో దిగాడు.

మొక్కజొన్న నుంచి పిండి తీసే ఫ్యాక్టరీల్లో గింజలు నానబెట్టిన నీళ్లు మిగిలిపోతాయి. చిక్కబరిచిన ఆ ద్రవాన్ని కార్న్ స్టీప్ లిక్కర్ అంటారు. ఆ ప్రాంతంలో అది కావలసినంత ఉంది, దానితో ఏం చేయాలో తెలియక కొత్త ఉపయోగాలు వెతుకుతున్నారు. మోయర్ దాన్ని బూజుకి ఆహారంగా పెట్టాడు, మామూలు చక్కెర బదులు పాలలో ఉండే లాక్టోజ్ వేశాడు. దిగుబడి పది రెట్లకు పైగా పెరిగింది. ఈ రెండూ ఎందుకు పనిచేశాయో అప్పట్లో పూర్తిగా తెలియదు. గ్లూకోజ్ పుష్కలంగా ఉంటే బూజు ఒళ్లు పెంచుకుంటుంది గానీ పెన్సిలిన్ చేయదు. లాక్టోజ్‌ని మెల్లగానే తినగలదు కాబట్టి అరకొర తిండితో ఎక్కువ రోజులు మందు తయారుచేస్తూ ఉంటుంది. ఇప్పుడు లాక్టోజ్ వాడం, గ్లూకోజ్‌నే బొట్టుబొట్టుగా రోజుల తరబడి అందిస్తాం. ఫీడ్ పంపు కాస్త ఎక్కువ తిరిగితే బూజు దట్టంగా పెరిగి, బ్రాత్ చిక్కబడి, మందు పడిపోతుంది. అప్పుడు పంపు తగ్గించినా పోయిన రోజులు తిరిగి రావు.

కార్న్ స్టీప్ లిక్కర్‌లో మరో విషయం దాగి ఉంది. పెన్సిలిన్ అణువులో ఒక పక్క కొమ్మ ఉంటుంది. బూజు తనకు దొరికిన పదార్థాన్ని బట్టి ఆ కొమ్మను తగిలిస్తుంది. ఆక్స్‌ఫర్డ్ బ్రాత్‌లో వచ్చింది ఒక రకం పెన్సిలిన్, పీయోరియాలో వచ్చింది ఇంకో రకం. రెండోదే పెన్సిలిన్ జి, అంటే ఇందాకటి వయల్‌లోని బెంజైల్ పెన్సిలిన్, మనం ఇప్పటికీ వాడేది. ఆ కొమ్మకు కావలసిన ముడిపదార్థం మొక్కజొన్న ద్రవంలో సహజంగా ఉంది. ఇది తెలిశాక ఫినైల్ అసిటిక్ ఆమ్లాన్ని నేరుగా కలపడం మొదలుపెట్టారు. ఇప్పటికీ అంతే.

పాత్రల సంఖ్య పెంచుకుంటూ పోతే ఎప్పటికీ తేలదని పీయోరియా వాళ్లకు అర్థమైంది. బూజుని ద్రవం లోపల, పెద్ద ట్యాంకుల్లో పెంచాలి. కానీ ఫ్లెమింగ్ బూజు నీటిలో మునిగితే సరిగా పనిచేయదు. కెన్నెత్ రేపర్ అనే బూజుల నిపుణుడు వేరే రకాల కోసం వెతికాడు. అక్కడి నిల్వల్లోనే మునిగి కూడా మందు చేసే రకం ఒకటి దొరికింది, మొదటి ట్యాంకులు దాంతోనే నడిచాయి. అమెరికా సైనిక విమానాల వాళ్లు దేశదేశాల మట్టి నమూనాలు తెచ్చిచ్చారు. చివరికి 1943లో అన్నిటికంటే మంచి బూజు పీయోరియా పళ్ల మార్కెట్లో ఒక కుళ్లిన కర్బూజా మీద దొరికింది. దాని నుంచి మంచి పిలకలను ఏరారు. తర్వాత కార్నెగీ సంస్థలో ఎక్స్-రేలు, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో అతినీలలోహిత కిరణాలు దాని మీద ప్రసరింపజేసి, బతికినవాటిలో ఎక్కువ మందు చేసేవాటిని ఎంచుకున్నారు. మిల్లీలీటరుకి 2 యూనిట్ల దగ్గర మొదలైన దిగుబడి, విస్కాన్సిన్‌లో వచ్చిన క్యూ-176 అనే రకంతో వందల్లోకి వెళ్లింది. నేడు ప్లాంట్లలో ఉన్నవి చాలావరకు ఆ కర్బూజా సంతతే, ఇప్పుడు దిగుబడి వేలు దాటి పదివేలలో ఉంది.

మంచి బూజు, మంచి తిండి దొరికాక మిగిలింది ట్యాంకు. ఫైజర్ కంపెనీకి గ్లూకోనిక్ ఆమ్లం తయారీ వల్ల బూజులను ట్యాంకుల్లో పెంచడంలో కొంత అనుభవం ఉంది. వాళ్లు న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఒక పాత ఐసు ఫ్యాక్టరీ కొని, 1944 మార్చి 1న ప్లాంటు తెరిచారు. 14 ట్యాంకులు, ఒక్కోటి 7,500 గ్యాలన్లు, అంటే దాదాపు 28 వేల లీటర్లు. ఇందాకటి లెక్కనే మళ్లీ చూడండి. ఒక ట్యాంకు నిండుగా ఉందనుకుని, మిల్లీలీటరుకి 2 యూనిట్లే ఉంటే వచ్చేది 5 కోట్ల 60 లక్షల యూనిట్లు, మన వయల్స్ 56. అదే 100 యూనిట్లు ఉంటే 280 కోట్లు, వయల్స్ 2,800. ట్యాంకు ఒక్కటే ఉన్నా, బూజు రకం ఒక్కటే ఉన్నా చాలేది కాదు, రెండూ కలవాలి.

ట్యాంకు అనగానే పెద్ద డ్రమ్ము అనుకోకండి. లోపల బూజుకి ఊపిరి ఆడాలి. నిమిషానికి ట్యాంకులో ఉన్న బ్రాత్ పరిమాణానికి దగ్గరగా గాలి పంపాలి, అంటే ఇక్కడ నిమిషానికి పాతికవేల లీటర్లకు అటూఇటూ, రాత్రీపగలూ ఐదారు రోజులు. ఆ గాలిలో ఒక్క సూక్ష్మజీవి కూడా ఉండకూడదు. గాలి పోయేకొద్దీ నురగ లేచి పైనున్న పైపుల్లోకి ఎక్కుతుంది, దాన్ని నూనె వేసి అణచాలి. పెరిగే బూజు వేడి పుట్టిస్తుంది, దాన్ని చల్లబరచాలి. ఫ్యాను లాంటి రెక్కలు తిప్పుతూ ఉండాలి, ఆ తిరిగే కడ్డీ ట్యాంకులోకి దిగే చోటున్న సీలు నుంచి బయటి క్రిములు లోపలికి రాకూడదు. ఇవన్నీ ఒకేసారి సరిగ్గా జరగాలి.

అన్నిటికంటే భయం కంటామినేషన్. వేరే ప్లాంట్లలో బయటి క్రిమి వస్తే అది తిండి తినేస్తుంది, దిగుబడి కాస్త తగ్గుతుంది. పెన్సిలిన్ ట్యాంకులో అలా కాదు. కొన్ని బ్యాక్టీరియాలు పెన్సిలినేజ్ అనే ఎంజైము చేస్తాయి, అది పెన్సిలిన్‌ని విరగ్గొడుతుంది. చైన్, ఆయన సహచరుడు ఏబ్రహాం దీన్ని 1940లోనే గుర్తించారు, అంటే మందు మనుషులకు చేరకముందే. ట్యాంకులో ఇది పడితే కొన్ని గంటల్లో మొత్తం బ్యాచ్ పోతుంది. మేము ప్లాంటులో గమనించేది ఇదీ: రాత్రి షిఫ్టులో కరిగిన ఆక్సిజన్ రీడింగు కారణం లేకుండా పడిపోవడం మొదలవుతుంది, ఎందుకంటే బ్యాక్టీరియా బూజు కంటే వేగంగా ఊపిరి పీల్చుకుంటుంది. పీహెచ్ ఉండాల్సిన చోట ఉండదు. శాంపిల్ సీసా మూత తీస్తే ఎప్పుడూ వచ్చే మట్టి లాంటి బూజు వాసనలో ఏదో పులుపో కుళ్లో కలుస్తుంది. పాత ఆపరేటర్లు ముందు వాసన చూసి చెప్పేవాళ్లు, ఆ తర్వాత మైక్రోస్కోపు కింద బూజు పోగుల మధ్య సన్నని కడ్డీలు కదులుతూ కనిపించేవి. అప్పుడు రెండే దారులు. బ్యాచ్ చివరికి వచ్చి, మందు ఇంకా మిగిలి ఉంటే వెంటనే చల్లబరిచి ఎక్స్‌ట్రాక్షన్‌కి పంపాలి. లేదంటే ఆవిరితో చంపి కాలువలో పోసేయాలి. ఎదురుచూస్తూ కూర్చోవడం మాత్రం కుదరదు.

ఆనాటి ఇంజనీర్లకు ఆక్సిజన్ ప్రోబులు, కంప్యూటర్ తెరలు లేవు. అయినా వాళ్లు నడిపించారు. 1942 మార్చిలో అమెరికాలో అన్నే మిల్లర్ అనే రోగిని బతికించడానికి ఆ దేశంలో ఉన్న పెన్సిలిన్‌లో సగం అయిపోయింది. 1943 ఏడాది మొత్తానికి అమెరికా ఉత్పత్తి సుమారు 2,100 కోట్ల యూనిట్లు. 1944లో అది 1.66 లక్షల కోట్లు, 1945లో 6.8 లక్షల కోట్లు. 1944 జూన్‌లో ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంలో మిత్రదేశాల సైన్యం దిగేనాటికి గాయపడ్డవాళ్లకు సరిపడా మందు సిద్ధంగా ఉంది. 1945 వసంతంలో అమెరికాలో మామూలు మందుల షాపుల్లోకి కూడా వచ్చింది.

మన దేశంలో పెన్సిలిన్ తయారీ పుణె దగ్గర పింప్రిలో మొదలైంది. యూనిసెఫ్, ప్రపంచ ఆరోగ్య సంస్థల సాయంతో పెట్టిన హిందుస్థాన్ యాంటీబయాటిక్స్ 1955లో ఉత్పత్తి ప్రారంభించింది. తర్వాతి దశాబ్దాల్లో చైనా నుంచి చవక సరుకు రావడంతో ఇక్కడ పెన్సిలిన్ జి ఫర్మెంటేషన్ ఆగిపోయి, దిగుమతి మీదే బతికాం. 2024లో కాకినాడ జిల్లాలో పెద్ద పెన్సిలిన్ జి ప్లాంటు మొదలైంది. అందులో వచ్చేది ఎక్కువగా ఇంజెక్షన్‌గా వెళ్లదు. ఇందాక చెప్పిన పక్క కొమ్మను ఎంజైముతో తీసేసి, ఆ మిగిలిన అణువుకి వేరే కొమ్మ తగిలించి అమాక్సిసిలిన్ లాంటివి చేస్తారు. మీ ఇంట్లో ఎవరైనా గొంతునొప్పికి డాక్టరు రాసిస్తే వేసుకున్న క్యాప్సూల్ కూడా ఒక ట్యాంకులో బూజు దగ్గరే మొదలైంది.

ఇక బ్రెడ్డు బూజు సంగతి. నల్లగా, దూది పోగుల్లా వచ్చేది సాధారణంగా రైజోపస్, దానికీ పెన్సిలిన్‌కీ సంబంధం లేదు. నీలి ఆకుపచ్చ రంగులో వచ్చేవాటిలో పెన్సిలియం జాతివి ఉండొచ్చు, కానీ ఆ జాతిలో వందల రకాలున్నాయి, పెన్సిలిన్ చేసేవి కొన్నే. కొన్ని విషాలు కూడా చేస్తాయి, అవి రొట్టె లోపలికి దిగుతాయి కాబట్టి పైన గీకి తినడం మంచిది కాదు. ఒకవేళ సరిగ్గా ఫ్లెమింగ్ బూజే మీ బ్రెడ్డు మీద పడిందనుకున్నా, పైన చూశారుగా, లీటరు రసానికి 2,000 యూనిట్లు. పైగా పెన్సిలిన్ జి కడుపులోని ఆమ్లానికి చాలావరకు విరిగిపోతుంది, హీట్లీ ఈథర్ దగ్గర ఎదుర్కొన్న సమస్యే అది. అందుకే దాన్ని సూదితో ఇస్తారు. నోటితో ఇవ్వడానికి ఆమ్లాన్ని తట్టుకునే పెన్సిలిన్ వి అనే వేరే రకం ఉంది, దాన్ని కూడా డాక్టరు రాస్తేనే వాడాలి. పెన్సిలిన్ అలర్జీ ఉన్నవాళ్లకు చిన్న మోతాదు కూడా ప్రమాదమే.